‘కజిన్’ కొట్టేస్తే అమ్మ హిస్సా సగమయ్యేది

మా వీధి చివరి ఇంటి ఖాలా ఒక రోజు అసర్ నమాజ్ తర్వాత కవరు పట్టుకుని వచ్చారు. "నోటరీ దగ్గరికి పోయే ముందు ఒకసారి చూడు బేటా, పేపర్లో రాసేవాడివి కదా" అన్నారు. లోపల మూడు కాగితాలు ఉన్నాయి. మొదటిది ఆమె ఒక్కగానొక్క కొడుకు డెత్ సర్టిఫికెట్. రెండోది వారసులెవరో, ఎవరి హిస్సా ఎంతో ఉర్దూలో ముఫ్తీ సాబ్ రాసిచ్చిన ఫత్వా. మూడోది బ్యాంకుకు ఇవ్వాల్సిన ఇంగ్లీష్ అఫిడవిట్. కుర్రాడు డిపాజిట్లకు నామినీ పేరు రాయకుండానే పోయాడు. అందుకని వారసులెవరో ప్రమాణం చేసి రాసివ్వమన్నారు.

ఉర్దూ కాగితంలో వారిసులు ఇద్దరు రకాలు: వాలిదా, ఇద్దరు చచాజాద్ భాయీలు. ఇంగ్లీష్ కాగితంలో మదర్, టూ బ్రదర్స్. బ్రదర్స్‌కు ముందు ఒక మాట టైపు చేసి ఉంది, దాని మీద నీలం పెన్నుతో గీత కొట్టి ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే కజిన్ అని కనబడింది.

"ఇది ఎవరు కొట్టేశారు ఖాలా?"

"మా చెల్లెలి మనవడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు కదా. కజిన్ బ్రదర్ అంటే గలత్ ఇంగ్లీష్ అంట, బ్యాంకు వాళ్ళు నవ్వుతారంట. రెండింట్లో ఒకటే ఉండాలంట."

నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క గీతతో ఏం జరిగిందో చెబుతాను. ఓపికగా చదవండి, లెక్క చిన్నదే.

కుర్రాడికి పెళ్ళి కాలేదు. అబ్బా, దాదా, చచా అందరూ ముందే పోయారు. అక్కచెల్లెళ్ళు లేరు, సగా అన్నదమ్ములూ లేరు. కఫన్ దఫన్ ఖర్చు, ఖర్జు అన్నీ తీశాక తర్కా పద్దెనిమిది లక్షలు అనుకుందాం. మన హనఫీ ఫరాయిజ్ ప్రకారం చనిపోయినవాడికి పిల్లలు లేకుండా, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ తోబుట్టువులు లేకుండా ఉంటే తల్లికి మూడో వంతు. చచాజాద్ భాయీలు తోబుట్టువుల లెక్కలోకి రారు. కాబట్టి ఖాలాకు 6 లక్షలు. చచాజాద్‌లు అసబా, అంటే నిర్ణయించిన హిస్సాలు పోగా మిగిలింది తీసుకునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ కలిపి 12 లక్షలు. ఫత్వాలో ఉన్నది ఇదే.

ఇప్పుడు కజిన్ కొట్టేసిన అఫిడవిట్ చదవండి. తల్లి, ఇద్దరు బ్రదర్స్. తోబుట్టువులు ఇద్దరుంటే తల్లి హిస్సా మూడో వంతు నుంచి ఆరో వంతుకు పడిపోతుంది. 6 లక్షలు 3 లక్షలవుతాయి. మిగతా 15 లక్షలు బ్రదర్స్‌కు పోతాయి. 1937 షరీఅత్ చట్టం కింద మన వారసత్వం కోర్టులో కూడా ఈ ఉసూల్ ప్రకారమే కడతారు గనుక ఇది మసీదు వరండాలో మాట్లాడుకునే మాట మాత్రమే కాదు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు మంచివాళ్ళు, ఖాలాను పెద్దమ్మగా చూసుకునేవాళ్ళు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ అబద్ధం రాయాలనుకోలేదు. కానీ ఫత్వా బీరువాలో ఉంటుంది, అఫిడవిట్ ఫైల్లో ఉంటుంది. రేపు వాళ్ళ పిల్లల కాలంలో ఏదో గొడవ వచ్చి వకీలు సాబ్ తెరిచేది ఫైలే. ఖాలా స్వయంగా ప్రమాణం చేసి, వేలిముద్ర వేసి, వాళ్ళు నా కొడుకు సగా అన్నదమ్ములే అన్నట్టు అందులో ఉంటుంది.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆ గీత కొట్టడం నేర్పినవాళ్ళతోనే నా పేచీ. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో, పుస్తకాల వెనక పేజీల్లో, ఫోన్లో తిరిగే ఫెహ్రిస్తుల్లో ఒకటే పాట: ప్రీపోన్ అనకండి, కజిన్ బ్రదర్ అనకండి, డూ ద నీడ్‌ఫుల్ అనకండి, అంటే పరువు పోతుంది. ఏ మాట ఎందుకు పనికిరాదో, ఎక్కడ పనికొస్తుందో చెప్పరు. శరమ్ మాత్రం నేర్పుతారు. శరమ్ నేర్చుకున్నవాడు ఆలోచించడు, గీత కొడతాడు.

ఆ ఉస్తాద్‌లు దిద్దినట్టే దిద్దామనుకోండి. కజిన్ బ్రదర్ తప్పు, ఉత్త కజిన్ అని రాయాలి అంటారు. సరే, అఫిడవిట్‌లో మదర్, టూ కజిన్స్ అని రాశాం. లండన్ ప్రొఫెసర్ కూడా తప్పు పట్టలేడు. ఇప్పుడు ఖాలా హిస్సా ఎంత? చెప్పలేం. ఆ కజిన్లు చచాజాద్‌లైతే 6 లక్షలు. మామూజాద్‌లో, ఖాలాజాద్‌లో అయితే వాళ్ళు జవిల్ అర్హామ్, దూరపు బంధువుల వరస. తల్లి ఉండగా వాళ్ళకు పైసా రాదు. మిగిలినదంతా రద్ కింద తల్లికే తిరిగి వచ్చి ఆమెకు మొత్తం 18 లక్షలు. అంతేనా? ఇంగ్లీష్‌లో కజిన్ అంటే ఆడా కావచ్చు, మగా కావచ్చు. చచా కొడుకు అసబా, చచా కూతురు కాదు. ఆ తేడా చెబుతున్నది ఏ మాట? గలత్ అని తిట్టుకున్న ఆ బ్రదరే! సహీ ఇంగ్లీష్‌లోకి దిద్దేసరికి కాగితంలో ఉన్న ఆ కాస్త సమాచారం కూడా పోయింది.

అంటే కజిన్ బ్రదర్ మంచి మాటని నా వాదన అనుకోకండి. అఫిడవిట్‌లో అది పనికిరాదు. కానీ పనికిరానిది అది దేశీ మాట అయినందుకు కాదు. అది ఎలా పుట్టిందో చూస్తే సంగతి తెలుస్తుంది. ఉర్దూలో మనం చచాజాద్ భాయీ, ఫూఫీజాద్ భాయీ, మామూజాద్, ఖాలాజాద్ అంటాం. తెలుగులో చిన్నాన్న కొడుకు తమ్ముడే, మేనమామ కొడుకు బావ. ఏ బాటన వచ్చిన చుట్టరికమో మన రెండు జబాన్లూ చెబుతాయి. ఇంగ్లీష్‌లోకి మార్చినవాడు భాయీకి బ్రదర్ అని నమ్మకంగా పెట్టాడు. చచాజాద్‌కు మాత్రం దొరికింది కజిన్, అందులో చచా లేడు. సగం తర్జుమా అయిన మాట అది. ఇంట్లో, దావత్‌లో, బస్టాండ్‌లో ఆ సగం చాలు. ఎదుటివాడికి మన ఖాందాన్ తెలుసు, తెలియకపోతే అడుగుతాడు. ఫైలు అడగదు.

నికాహ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. చచా కూతురినో, ఖాలా కొడుకునో చేసుకోవడం మనలో జాయిజ్. సూరా నిసా ఇరవై మూడో ఆయత్‌లో నిషిద్ధమైన స్త్రీల వరసలో వాళ్ళు లేరు. భర్త దగ్గరికి పోవడానికి వీసా దరఖాస్తులో మన పిల్ల "మై హస్బెండ్ ఈజ్ మై కజిన్ బ్రదర్" అని రాస్తే, ఆ పదం ఎప్పుడూ వినని అధికారి కళ్ళు ముందు బ్రదర్ మీదే ఆగుతాయి. ఇక్కడ ఉత్త కజిన్ కూడా నడుస్తుంది, కానీ "నా తల్లి చెల్లెలి కొడుకు" అని విప్పి రాస్తే ఇంకో ప్రశ్నకు చోటుండదు. దీనికి ఉల్టా తప్పు కూడా చేస్తాం. అమెరికా విజిటర్ వీసాకు నింపే DS-160 ఫారంలో దగ్గరి బంధువులు అక్కడ ఉన్నారా అని అడుగుతారు. దగ్గరి బంధువు అంటే భార్యాభర్తలు, పెళ్ళి నిశ్చయమైనవారు, పిల్లలు, తోబుట్టువులు అని అక్కడే రాసి ఉంటుంది. చికాగోలో ఉన్న చచాజాద్‌ను మన అలవాటు కొద్దీ బ్రదర్ అని అందులో పెడితే అది ఇంగ్లీష్ తప్పు కాదు, తప్పుడు సమాచారం. వాళ్ళకు ఇతర బంధువుల ప్రశ్న వేరే ఉంది.

ఇక ప్రీపోన్. ఫెహ్రిస్తులన్నిటిలో మొదటి ముజ్రిమ్ ఇదే. నాకు మాత్రం దీని మీద ఒక రకమైన మొహబ్బత్ ఉంది. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఎందుకు ఉండకూడదు అని మనవాళ్ళు వేసిన ప్రశ్నలో అఖల్ ఉంది. పైగా మనమే కనిపెట్టామన్నదీ నిజం కాదు. 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాసిన ఒకాయన ఈ అర్థంలోనే దీన్ని వాడినట్టు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూపిస్తుంది. ఆ దేశంలో పాతుకోలేదు, ఇక్కడ పాతుకుంది. అంతే తేడా.

మరి ఫార్మల్ కాగితంలో రాయొచ్చా? ముందు నిఘంటువు చూడండి, కానీ చూడాల్సింది అర్థం కాదు, మాట పక్కన చిన్న అక్షరాల్లో ఉండే చిట్టీ. చదువుకునే పిల్లల కోసం వేసే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో దీనికి ఇండియన్ ఇంగ్లీష్ అనే చిట్టీ ఉంటుంది. ఆ చిట్టీ మాట ఏ ఊరిదో చెబుతుంది, దాని నేరం చెప్పదు. హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్‌కు రాసే దరఖాస్తులో ప్రీపోన్ ఎవరినీ తికమక పెట్టదు. టొరంటో యూనివర్సిటీకి రాస్తే అక్కడివాడు ఆగి ఊహించుకోవాలి. అందుకని మార్చండి. కానీ దేనిలోకి మారుస్తారు? ఇక్కడే ఉస్తాద్‌లు ఇంకో గోతిలోకి తోస్తారు. మూవ్డ్ ఫార్వర్డ్ అని రాయమంటారు కొందరు. బుధవారం ఉన్న మీటింగ్‌ను రెండు రోజులు ముందుకు జరిపారు అని ఇంగ్లీష్‌లో ఇలా అంటే, పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్ళలోనే కొందరు సోమవారం అనుకుంటారు, కొందరు శుక్రవారం అనుకుంటారు. మనస్తత్వ శాస్త్రంవాళ్ళు ఈ వాక్యం మీద పరిశోధనలే చేశారు. ప్రీపోన్‌లో ఆ గందరగోళం లేదు! బ్రాట్ ఫార్వర్డ్ కొంత నయం. అన్నిటికంటే నయం, ఏ మాటా నమ్ముకోకుండా తేదీలు రెండూ రాయడం: జూన్ 14న ఉన్న ఇంటర్వ్యూ ఇప్పుడు జూన్ 11న. ఇక క్రియాపదం ఏదైనా ఎవడూ తప్పు రోజు రాడు.

ఒక తమాషా చెబుతాను. నా కంప్యూటర్‌లో ప్రీపోన్ టైపు చేస్తే కింద ఎర్ర గీత వస్తుంది. కజిన్ బ్రదర్‌కు రాదు, ఎందుకంటే విడివిడిగా రెండూ సహీ మాటలే. ఎవరికీ నష్టం చేయనిదాన్ని పట్టుకుంటుంది, 3 లక్షలు మింగేదాన్ని వదిలేస్తుంది. ఎర్ర గీత లేదు కదా అని దస్తావేజు మీద దస్తఖత్ పెట్టే అలవాటు మన పిల్లల్లో బాగా పెరిగింది.

ఖాలా అఫిడవిట్‌తో జతచేసిన ఉత్తరంలో ఇలాంటివి ఇంకో రెండు ఉన్నాయి. "మై సన్ ఎక్స్‌పైర్డ్" అని ఉంది. ఇంతెఖాల్ అనే నాలుక చనిపోయాడు అనడానికి జంకుతుంది, అది తమీజ్, తప్పు కాదు. బ్యాంకు వాళ్ళకు అర్థమవుతుంది, పక్కన డెత్ సర్టిఫికెట్ ఉంది. నేను డైడ్ అని, తేదీతో సహా మార్చాను గానీ మార్చకపోయినా కొంప మునగదు. రెండోది చివరి వాక్యం, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్. దీన్ని చూసి మనల్ని వెక్కిరిస్తారు గానీ ఇది ఒకప్పుడు ఇంగ్లండ్‌లో మామూలు మాటే, వాళ్ళు వదిలేశారు, మన దఫ్తర్లు పట్టుకుని కూర్చున్నాయి. నా అభ్యంతరం పాతదని కాదు. ఏది నీడ్‌ఫుల్? డిపాజిట్ మూసి డబ్బు ఇవ్వాలా, ఖాతా పేరు మార్చాలా, ముగ్గురి ఖాతాల్లో వేరువేరుగా వేయాలా? ఖాలా అడగాలనుకున్నది మూడోది. ఆ ముక్క ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక రెండో జమాత్‌తో కూడా రెండు మాటలు. మన ఇంగ్లీష్ మనిష్టం, తెల్లవాడి లెక్క మనకెందుకు అనే దోస్తులు నాకున్నారు. వాళ్ళ జోష్ నాకు నచ్చుతుంది. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. దరఖాస్తు, అర్జీ, జామీను, హాజరు, ఖరారు, దస్తావేజు లేకుండా తెలుగు ఆఫీసు ఒక్క రోజు నడవదని నాకు తెలుసు. బయటి నుంచి వచ్చిన మాటను, రూపు మారిన మాటను గలత్ అనే హక్కు ఎవరికీ లేదు. అయినా ఆ మాటలు దఫ్తర్‌లో నిలబడింది ఇజ్జత్ వల్ల కాదు. జామీను అంటే ఏమిటో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకే మతలబ్ ఉంది కాబట్టి. కజిన్ బ్రదర్‌కు ఫరాయిజ్ ముందు ఆ ఒకే మతలబ్ లేదు. దేశాభిమానంతో దాన్ని అఫిడవిట్‌లో ఉంచితే ఖాలా హిస్సా 6 లక్షలో 18 లక్షలో తేల్చేది దేశాభిమానం కాదు.

మరి ఏం రాయాలి? వకీళ్ళ గదుల్లో ఉండే ముల్లా గారి మహమ్మడన్ లా పుస్తకం తీయండి. అసబాల పట్టికలో ఫుల్ బ్రదర్, ఫుల్ పాటర్నల్ అంకుల్స్ సన్ అని వరుసగా ఉంటాయి. మనం సగా భాయీ అనేదాన్ని మన ఇంగ్లీష్‌లో రియల్ బ్రదర్ అంటాం, ఆ పుస్తకంలో అది ఫుల్ బ్రదర్. తండ్రి ఒకరే, తల్లి వేరైతే కన్‌సాంగ్వైన్, తల్లి ఒకరే అయితే యూటెరైన్. ఈ మాటలు మన పిల్లలకు నోరు తిరగకపోయినా పర్వాలేదు. తండ్రి, తల్లి, కొడుకు, అన్న అనే చిన్న మాటలతోనే గొలుసు కట్టొచ్చు. చనిపోయిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఎవరి ద్వారా చుట్టరికమో ఒక్కో మెట్టూ రాయడం. ముఫ్తీ సాబ్ చూసినా, వకీలు చూసినా, మన ఊరు ఎరగని గుమాస్తా చూసినా ఒకే మనిషి కనబడాలి. కనబడకపోతే మాట మార్చాలి, కనబడితే అది లండన్‌దైనా లాలాపేటదైనా ఉంచాలి.

ఆ సాయంత్రం ఖాలాను కూర్చోబెట్టి అడిగాను. చచా, అబ్బా ఒకే తల్లి పిల్లలేనా? ఈ ప్రశ్నకు ఆమె కొంచెం నొచ్చుకున్నారు. ఎందుకు అడుగుతున్నానంటే, సవతి చచా కొడుకులు ఇంకెవరైనా ఉంటే సగా చచా కొడుకుల ముందు వాళ్ళకు రాదు. ఒకే తల్లి, ఒకే తండ్రి అని తేలింది. వేరే చచాలు లేరని కూడా తేలింది. అప్పుడు పాత వాక్యం మొత్తం కొట్టేసి ఇలా రాశాను: "ద డిసీజ్డ్ లెఫ్ట్ బిహైండ్ హిజ్ మదర్ అండ్ టూ సన్స్ ఆఫ్ హిజ్ ఫాదర్స్ ఫుల్ బ్రదర్. హీ హాడ్ నో బ్రదర్స్ ఆర్ సిస్టర్స్." రెండో వాక్యం ఎందుకని టైపు చేసే అబ్బాయి అడిగాడు. ఫత్వాలో తల్లి మూడో వంతు నిలబడింది దాని మీదే అని చెప్పాను. కొత్త స్టాంపు కాగితానికి, టైపుకు మళ్ళీ డబ్బులయ్యాయి.

ఇంజనీరింగ్ కుర్రాడు మరునాడు కాగితం తీసుకోవడానికి వచ్చాడు. కొత్త వాక్యం రెండుసార్లు చదివి, "మామూ, ఇది కొంచెం చిన్నపిల్లల ఇంగ్లీష్‌లా లేదూ?" అన్నాడు. ఫత్వా చేతికిచ్చి, ఆ రెండు అఫిడవిట్ల ప్రకారం నానీ హిస్సా లెక్క కట్టమన్నాను. లెక్కల్లో చురుకైనవాడే. అక్కడే కవరు వెనక వేసి చూసుకున్నాడు. నీలం పెన్ను జేబులో పెట్టుకుని, నానీని బండి మీద ఎక్కించుకుని నోటరీ దగ్గరికి పోయాడు.